ఇయర్ స్పీకర్ జాలీలో పిన్ను పెట్టొద్దు

సి.బెళగల్ చుట్టుపక్కల పత్తి తీత మొదలైందంటే ఫోన్లలో మాట సరిగా వినపడట్లేదన్న ఫిర్యాదులూ మొదలవుతాయి. పత్తి నూగు గాల్లో తేలుతూ చెమట పట్టిన ఫోను మీద వాలుతుంది. చెవికి ఆనించే చోట ఉండే సన్నటి జాలీకి అంటుకుని పొరలా గట్టిపడుతుంది. దాన్ని తీయడం తేలికే. తీసే తొందరలో నలుగురూ చెప్పే సలహాలే ఫోన్లను పాడు చేస్తున్నాయి. వాటిలో నాలుగింటిని ఇక్కడ చెప్తాను, దయచేసి వీటిని పాటించకండి.

సలహా 1: "సౌండ్ పెంచే యాప్ వేసుకో"

ఇలాంటి యాప్‌లు పాటల శబ్దాన్ని పెంచుతాయి. కాల్‌లో వచ్చే గొంతు చాలా ఫోన్లలో వాటి చేతికి చిక్కదు. అసలు కాల్ సౌండు, పాటల సౌండు వేర్వేరు. పాట వింటూ సౌండ్ ఎంత పెంచినా కాల్ సౌండు పెరగదు. కాల్ నడుస్తుండగానే, ఫోను చెవి దగ్గర ఉండగా పక్క బటన్ పైకి నొక్కాలి. బ్లూటూత్ కూడా ఒకసారి ఆపి చూడండి. ఇంట్లో ఎక్కడో ఆన్‌లో ఉన్న ఇయర్‌బడ్స్‌లోకి మాట వెళ్లిపోతుంటే ఇక్కడ ఏమీ వినపడదు.

సలహా 2: "పిన్నుతో పొడిచి తీసెయ్"

జాలీ వెనకే పల్చటి పొర ఉంటుంది. అది కదిలితేనే మాట పుడుతుంది. పిన్ను తగిలి ఆ పొర చిరిగితే గరగర మొదలవుతుంది, ఆ తర్వాత స్పీకర్ మార్చడం తప్ప దారి లేదు. జాలీ చిరిగినా నష్టమే, ఇకపై దుమ్ము నేరుగా లోపలికి పోతుంది.

సలహా 3: "పంచరు షాపులో గాలి కొట్టించు"

ఆ గాలి పైనున్న నూగును లోపలికి తోస్తుంది, పొరను కూడా చింపగలదు. నోటితో ఊదితే తడి చేరి నూగు ఇంకా గట్టిగా అతుక్కుంటుంది.

సలహా 4: "శానిటైజరో, పెట్రోలో ఒక చుక్క వెయ్"

జాలీ మీదున్న మురికి ద్రవంలో కరిగి లోపలికి దిగి, ఆరాక అక్కడే పేస్టులా మిగిలిపోతుంది. పెట్రోలైతే జాలీని పట్టుకున్న జిగురును కూడా వదులు చేస్తుంది.

మరి చేయాల్సింది ఏమిటి?

మా వీధిలో ఒక అత్త ఉంది. ఆమె కొడుకు మిరపకాయల సుగ్గికి గుంటూరు పోయాడు. ఫోన్ చేస్తే "ఏమీ వినపడ్ల్యా నాయనా" అని పెట్టేసేది. శుభ్రం చేసే ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోవాలి కాబట్టి ముందు అదే కాల్‌ని స్పీకర్‌లో పెట్టాం. కొడుకు మాట ఖంగున వినపడింది. అంటే సిగ్నల్ బాగానే ఉంది, అవతలి ఫోనూ బాగానే ఉంది. స్పీకర్‌లో కూడా గరగరమంటే సిగ్నల్‌నో అవతలి ఫోన్‌నో అనుమానించాలి. తర్వాత వాట్సాప్‌లో వచ్చిన వాయిస్ మెసేజ్‌ని చెవి దగ్గర పెట్టి విన్నాం. అదీ చిన్నగానే వచ్చింది. దాంతో తప్పు ఇయర్ స్పీకర్ దగ్గరే ఉందని తేలింది. శాంసంగ్ ఫోనైతే `*#0*#` డయల్ చేసి `Receiver` నొక్కినా ఈ సంగతి తెలుస్తుంది. అక్కడ వచ్చే మోత గట్టిగా, తేటగా ఉండాలి.

టార్చి ఏటవాలుగా వేసి చూస్తే రెండు తప్పులు కనపడ్డాయి. గ్లాస్ గార్డు కాస్త పైకి అతికి జాలీని సగం కప్పేసింది. మిగతా సగంలో బూడిదరంగు నూగు పేరుకుని ఉంది. గార్డు తీసి ఫోన్ ఆఫ్ చేశాం. తెర నేలవైపు ఉండేలా పట్టుకుని, ఎప్పుడూ తడపని మెత్తటి టూత్‌బ్రష్‌తో జాలీ పొడవునా అడ్డంగా, తేలిగ్గా తోశాం. ఇలా బోర్లా పట్టుకుంటే రాలిన నూగు కిందికి పడుతుంది, లోపలికి పోదు. చివర్న సెల్లోటేప్ ముక్క జాలీ మీద మెల్లగా అద్ది లేపాం. టేపుకు నూగు అంటుకుని వచ్చింది. దుమ్ము అంటకుండా వచ్చేదాకా ప్రతిసారీ కొత్త ముక్కతో అద్దాం. గార్డును జాలీ వదిలి అతికించి కాల్ చేస్తే కొడుకు మాట చెవిలో స్పష్టంగా వినపడింది.

ఈ పద్ధతికీ హద్దుంది. మాట చిన్నగా వస్తుంటే చాలావరకు జాలీ మూసుకుపోయినట్టే, బ్రష్ సరిపోతుంది. మాట గట్టిగానే వస్తూ గరగరమంటుంటే మాత్రం లోపలి పొర చిరిగి ఉండొచ్చు, లేదా ఇనుప రజను చేరి ఉండొచ్చు. ఇయర్ స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది కాబట్టి వెల్డింగ్ షాపులో పనిచేసేవాళ్ల ఫోన్లలో రజను అలా పట్టుకుంటుంది. అది బ్రష్‌కు రాదు. ఫోన్ విప్పే మనిషి దగ్గరికి తీసుకెళ్లి, స్పీకర్‌లో పెడితే బాగా వినపడుతోందని, జాలీ శుభ్రం చేసేశారని చెప్పండి. అప్పుడు అతను బోర్డు జోలికి పోకుండా ఆ చిన్న స్పీకర్‌నే ముందుగా చూస్తాడు.