ఉప్పు తిన్న వారంటీ

ప్ర: బ్రూక్‌ఫీల్డ్‌లో ఫ్లాటు, 40,000 పెట్టి డిష్‌వాషర్ కొన్నాం. కంపెనీ వారంటీ రెండేళ్లు. మరో రెండేళ్లకు 5,000 కట్టమంటున్నాడు షాపతను. కట్టాలా సార్?

జ: ముందు మీ ట్యాంకరు నీళ్లనడగండి. బోరునీటి సున్నం హీటరుకు గడ్డకట్టి మెషీన్ మూలపడితే, “అది నీళ్ల తప్పు” అని చాలా వారంటీ కాగితాలు చేతులు దులుపుకుంటాయి. చీమ తలకాయంత అక్షరాల్లో!

ప్ర: మరి దేనికిస్తారు?

జ: సర్క్యూట్ బోర్డో, మోటారో దానంతటదే పోతే. ఎలుక వైరు కొరికినా, కరెంటు ఎగిసిపడినా సాధారణంగా మీ ఖర్మే.

ప్ర: బోర్డు పోతే 12,000 అవుతుందట కదా?

జ: అవుతుందనే అనుకుందాం. అలాంటి మెషీన్లు పన్నెండుంటే, మూడో నాలుగో ఏడాదిలో ఐదింటికి బోర్డు పోవాలి. అప్పుడే మీ 5,000 గిట్టుబాటు. అన్ని పోయే మెషీనైతే అసలెందుకు కొన్నారు?

ప్ర: ఫ్రిజ్‌కి?

జ: కంప్రెసర్‌కు చాలా కంపెనీలు పదేళ్లు ఎలాగూ ఇస్తున్నాయి. ఇచ్చినదాన్నే మళ్లీ కొనకండి.

ప్ర: మరి షాపతను అంత ప్రేమగా చెప్పాడే?

జ: కమీషను ప్రేమ! మీరు మాత్రం డిష్‌వాషర్ ఉప్పు కొని, నీళ్ల కాఠిన్యానికి తగ్గట్టు మెషీన్‌లో సెట్టింగు మార్చండి. వంటింటి ఉప్పు పోసి, మళ్లీ నాకు రాయకండి.