డాలర్ జీతం లెక్క చూడకుండా హాయిగా గడిపే చిట్కాలు

1. క్లయింట్ 1,000 డాలర్ల బిల్లు ఓకే చేయగానే గూగుల్‌లో రేటు కొట్టండి. డాలర్ 85 రూపాయలు చూపిస్తే మీకు 85,000 వచ్చేసినట్టే. ఇంట్లో అదే అంకె చెప్పండి, కొత్త ఫోన్ ఈఎంఐ కూడా దాన్ని చూసుకునే పెట్టించండి. బ్యాంకులో పడేదాకా ఆగడం పిరికివాళ్ల పని.

2. పని ఇప్పించిన ఫ్రీలాన్స్ ప్లాట్‌ఫాంలో లావాదేవీల పేజీ జోలికి పోకండి. తెరిచారంటే 10 శాతం సర్వీస్ ఫీజు కింద 100 డాలర్లు, బ్యాంకుకు పంపినందుకు ఇంకో డాలర్ పోయి 899 మిగిలినట్టు కనబడి మనసు పాడవుతుంది. వారం వారం కొంచెం కొంచెం తీసుకోండి. తీసిన ప్రతిసారీ ఆ డాలర్ పోతుంది, కానీ శుక్రవారం చేతిలో డబ్బు ఆడుతుంది.

3. డబ్బు తీసేముందు వచ్చే స్క్రీన్‌లో చిన్న అక్షరాలతో 83.30 అని ఉంటుంది. చదవకుండా ఓకే నొక్కండి. గూగుల్ చూపించేది మార్కెట్ మధ్య రేటు, ఇక్కడిచ్చేది అంతకంటే 1.70 తక్కువ. ఫీజు అనే మాట ఎక్కడా లేకుండానే 899 డాలర్ల మీద 1,528 రూపాయల 30 పైసలు పోతాయి. పేరు లేని కోతకు బాధపడటం దేనికి? స్క్రీన్‌షాట్ మాత్రం తీయకండి, తీస్తే తర్వాత లెక్క తేలిపోతుంది.

4. ఖాతాలో 74,886.70 పడ్డాక నేరుగా బ్యాంకుకెళ్లి మేనేజర్ మీద అరవండి. ఆయన పాస్‌బుక్‌లో ఎన్ఈఎఫ్‌టీ అని ఉన్న లైను చూపిస్తాడు. "మాకు రూపాయలే వచ్చాయి సార్, డాలర్లు మార్చింది మేం కాదు," అంటాడు. నిజమే, డాలర్లు డాలర్లుగానే వచ్చుంటే రేటు గురించి బ్యాంకును అడగాలి, రూపాయలుగా వస్తే ప్లాట్‌ఫాంను అడగాలి. ఈ తేడా పట్టించుకోకండి. తగ్గిన 10,113.30 మొత్తం బ్యాంకే మింగిందని ఊరంతా చెప్పండి. వినేవాళ్లు వెంటనే నమ్ముతారు, మీకూ లెక్క చూసే పని తప్పుతుంది.

5. పన్నుల పుస్తకంలో బ్యాంకులో పడిందే రాబడిగా రాయండి. ఆడిటర్ "రాబడి 1,000 డాలర్లు, ఫీజు మీ ఖర్చు" అని విడివిడిగా రాయమంటాడు. ఒక్క లైనుతో పోయేదానికి రెండు లైన్లెందుకు? విదేశీ డబ్బు వచ్చిందని చూపే ఎఫ్ఐఆర్ఏ కాగితం కూడా అడగకండి. మీ పని ఎగుమతి అని జీఎస్టీ వాళ్లకు చూపాల్సిన రోజు వస్తే "అన్నీ ప్లాట్‌ఫాంకే తెలుసు" అనండి.

6. తర్వాతి పనికి ధర వెనక నుంచి కట్టకండి. చేతికి 85,000 రావాలంటే దాన్ని 83.30తో భాగించాలి, ఒక డాలర్ కలపాలి, మళ్లీ 0.9తో భాగించాలి. 1,135 డాలర్లు అడగాలని తేలుతుంది. అంత అడిగితే క్లయింట్ ఎందుకని అడుగుతాడు, మీరు జవాబు రాయాలి. మళ్లీ 1,000కే ఒప్పుకుని పడుకోండి.