ఎర్రపెన్నుకు ముద్ర ఎవరేశారు?

ములకలపల్లి సంతకు ఇప్పపువ్వు తెచ్చే ముసలమ్మను మోసం చేయడం ఇప్పుడు అంత తేలిక కాదు. షావుకారు కాటా పెట్టగానే ఆమె ముందు రాయి వైపు చూస్తుంది. దాని మీద తూనికల శాఖ ముద్ర ఉందా, అడుగున సీసం తవ్వేశారా అని చూశాకే మూట విప్పుతుంది. అదే ముసలమ్మ మనవడు బడిలో ఐదు మాటల జవాబు రాసి అర మార్కుతో ఇంటికి వస్తే మాత్రం ఏ రాయితో తూచారని ఆమె అడగదు. అడిగినా చూపించడానికి మా పంతుళ్ల దగ్గర రాయి లేదు. మా దగ్గర ఉన్నది అనుభవం.

ఈ అనుభవం గొప్ప వస్తువు. మా స్టాఫ్‌రూంలో ఒక సీనియర్ సారున్నారు. బడి పేరు చెప్పను, ఆయన పేరు అసలే చెప్పను. స్లిప్ టెస్టు కాగితాలు ఆయన దిద్దుతుంటే చూడాలి. కాగితం తిప్పీ తిప్పకముందే మార్కు పడిపోతుంది. చదివారా అంటే, "ఇరవై ఎనిమిదేళ్ల నుంచి చూస్తున్నా, చదవాల్నా?" అంటారు. ఆయన కంటికి ముందు దస్తూరి ఆనుతుంది, తర్వాత జవాబు పొడుగు, ఆ తర్వాత కాగితం మీద పేరు. ఇంకా ఓపిక మిగిలితే జవాబు.

నిరుడు ఎండాకాలం ముందు తొమ్మిదో తరగతికి అపరిచిత గద్యం నేనే రాసిచ్చాను. అందులో కొంత ఇది: "మూడు రోజులు ఎండితే తప్ప ఇప్పపువ్వు సంతకు పనికిరాదు. రెండో రోజు నాయనమ్మ చింతపండు బుట్ట నెత్తిన పెట్టుకుని సంతకు బయల్దేరింది. అంతలో పడమట మబ్బు పట్టింది. నాయనమ్మ బుట్ట దించి, వాకిట్లో పువ్వంతా ఎత్తి ఇంట్లో పోసింది. ఆ రోజు సంతకు వెళ్లలేదు. తడిసిన పువ్వు నల్లబడుతుంది, దాన్ని షావుకారు ముట్టుకోడు."

ప్రశ్న: నాయనమ్మ ఆ రోజు సంతకు ఎందుకు వెళ్లలేదు? రెండు మార్కులు.

ఒక అమ్మాయి ముత్యాల్లాంటి అక్షరాలతో గద్యాన్ని మొదటి నుంచి ఎత్తి రాసుకుంటూ వచ్చి, "ఆ రోజు సంతకు వెళ్లలేదు" దగ్గర చుక్క పెట్టి ఆపేసింది. అంటే ప్రశ్ననే తిరిగి మనకు అప్పగించి, అసలు కారణం ఉన్న వాక్యానికి ఒక్క అడుగు ముందు ఆగిపోయింది. సారు రెండుకు రెండు వేశారు, పక్కన "గుడ్" కూడా రాశారు. కొయ్యగూడెం నుంచి వచ్చే ఒక పిల్లవాడు ఇలా రాశాడు: "మబు పట్టింది. తడిత్తె శావుకారు కొనడు." అర మార్కు. మబ్బుకు ఒత్తు లేదు, తడిత్తె అనేది ఏ నిఘంటువులోనూ లేదు, షావుకారులో షకారం మారింది, పైగా మూరెడు జాగా ఖాళీగా వదిలాడు. ఇన్ని నేరాలకు అర మార్కు ఇవ్వడం ఆయన దయ.

ఇంటి దగ్గర కోయ మాట్లాడి, బడికొచ్చి తెలుగు రాసే పిల్లవాడు ఐదు మాటల్లో కార్యం, కారణం రెండూ చెప్పాడు. ఈ ముక్క అంటే సారు నన్ను జాలిగా చూశారు. "స్పెల్లింగు పట్టించుకోకపోతే భాష ఏమైపోవాలి?" అన్నారు. భాష ఏమీ కాదు. మా తెలుగు ప్రశ్నపత్రంలో అవగాహన-ప్రతిస్పందన ఒక భాగం, వ్యక్తీకరణ-సృజనాత్మకత ఇంకొకటి, భాషాంశాలు మరొకటి. ఒత్తుకు కోయాల్సిన మార్కు ఉంటే దాన్ని రాతకు మార్కులిచ్చే చోట కోయాలి. చదివింది అర్థమైందా అని అడిగిన చోట ఒత్తుకు మార్కు కోయడమంటే, పువ్వు తూకంలో మూట గుడ్డ రంగు బాగోలేదని పావు కిలో తగ్గించడమే. దేశదేశాల పదిహేనేళ్ల పిల్లలకు పెట్టే పీసా పరీక్షలో కూడా చదివి రాసే జవాబులు దిద్దేవాళ్లకు ఇచ్చే సూచన ఇదే. అర్థాన్ని పూర్తిగా మరుగుపరిస్తే తప్ప అక్షరదోషాలను, వ్యాకరణదోషాలను లెక్కచేయవద్దు.

అనుభవం సంగతి కూడా నూటపదేళ్ల కిందటే తేలింది. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే ఇద్దరు ఇద్దరు విద్యార్థుల ఇంగ్లిషు జవాబుపత్రాలకు నకళ్లు తీయించి చాలా బడులకు పంపారు. నూటికి మార్కులు వేసి తిప్పి పంపినవాళ్లు 142 మంది. వాటిలో ఒకే కాగితానికి ఒకరు 64 వేస్తే ఇంకొకరు 98 వేశారు. ఇంగ్లిషు కదా, అభిరుచిని బట్టి ఉంటుందని కొందరు సర్దిచెప్పారు. మరుసటి ఏడాది వాళ్లు రేఖాగణితం కాగితం పంపితే తేడా ఇంకా పెరిగింది. లెక్కల సార్లు దీన్ని చదవనట్టు నటించవచ్చు.

ఇదంతా విని పైవాళ్లు ఊరుకున్నారనుకోకండి. శిక్షణకు పిలిచి ఒక పట్టిక చేతిలో పెట్టారు. అడ్డంగా నాలుగు గళ్లు, నిలువుగా ఐదు, మొత్తం ఇరవై. ఒక గడిలో "సముచిత అవగాహన", పక్క గడిలో "సంతృప్తికర అవగాహన". రెంటికీ తేడా ఏమిటని అడిగితే శిక్షకుడు టీ విరామం ప్రకటించాడు. రెండు మార్కుల జవాబుకు ఇరవై గళ్ల పట్టికంటే చారెడు ఉప్పు తూచడానికి వేబ్రిడ్జి ఎక్కినట్టు. ఆ పట్టిక ఇప్పుడు మా స్టాఫ్‌రూం బీరువాకు లోపలి వైపు అతికించి ఉంది. బొద్దింకలకు మంచి నీడ.

కావాల్సింది మూడు వాక్యాలు. అవి పరీక్షకు ముందే రాసి ఉండాలి, కాగితాల కట్ట విప్పాక కాదు. నా ప్రశ్నకు నేను రాసుకున్నవి ఇవి. వాన వస్తుందన్న భయం, తడిస్తే పువ్వు చెడుతుంది లేదా అమ్ముడుపోదన్న నష్టం, రెండూ ఉంటే 2. ఏదో ఒకటే ఉంటే 1. రెండూ లేకపోతే, లేదా ప్రశ్ననే తిప్పి రాస్తే, లేదా ఏరుకోకుండా గద్యాన్ని వరసగా దించితే 0. అర మార్కు అనేది లేదు. నేను చూసినంతలో అర మార్కంటే సారుకు జవాబు అర్థం కాలేదని గుర్తు, పిల్లవాడికి అర్థం కాలేదని కాదు.

ఈ మూడు వాక్యాలతో చూస్తే ముత్యాల అక్షరాల అమ్మాయికి 0, ఒత్తు మరిచిన వాడికి 2. "వాన వచ్చేటట్టుంది కాబట్టి" అన్న జవాబుకు 1. "నాయనమ్మ ముసలిది, నడవలేదు" అన్నదానికి 0. అది ఎంత దయగల ఊహైనా గద్యంలో ఆమె అప్పటికే బుట్ట ఎత్తుకుని బయల్దేరింది. గద్యంలోంచి సరైన ఆ రెండు వాక్యాలనే ఏరి దించితే మాత్రం 2 ఇవ్వాల్సిందే. ఏది కావాలో తెలిసి ఏరడమే ఇక్కడ మేం అడిగింది.

ఇక్కడిదాకా సాఫీగానే నడిచింది. పదిహేడో కాగితంలో ఒక పిల్ల "మబ్బు పట్టింది. పువ్వు నానితే బూజు పడతది" అని రాసింది. బూజు మాట గద్యంలో ఎక్కడా లేదు, వాళ్ల ఇంటి వాకిట్లోంచి వచ్చింది. ఇవ్వాలా వద్దా? చెడుతుందన్న అర్థం ఉంది కాబట్టి 2 అని నిర్ణయించుకుని, ఆ మాటను మూడు వాక్యాల కింద రాసుకున్నాను. రాసుకుంటే సరిపోదు. వెనక్కి వెళ్లి మొదటి పదహారూ మళ్లీ చూడాలి. ఆరో కాగితంలో "పువ్వు కుళ్లుతది" అన్నవాడికి నేను 1 వేసి ఉన్నాను. మధ్యలో రాయి మార్చి, మార్చక ముందు తూచిన మూటలను అలాగే వదిలేసే షావుకారును సంతలో ఏమంటారో మీకు తెలుసు.

నా తప్పు కూడా ఒకటి చెప్పాలి. మొదట నేను రాసుకున్న ప్రశ్న ఇది కాదు. "ఇప్పపువ్వు తడిస్తే ఏమవుతుంది?" అని రాశాను. అనుమానం వచ్చి, గద్యం ఇవ్వకుండా ఆ ప్రశ్నను ఎనిమిదో తరగతిలో ఐదుగురిని నోటితో అడిగాను. ఐదుగురూ తడుముకోకుండా చెప్పారు. ఈ అడవి అంచున పుట్టిన పిల్లలకు అది చదివి తెలుసుకోవలసిన సంగతి కాదు. ఆ ప్రశ్న ఇచ్చి మంచి మార్కులొచ్చాయని మురిసి ఉంటే, నేను కొలిచింది చదువును కాదు, పుట్టిన ఊరిని. అదే ప్రశ్న హైదరాబాదు పిల్లలకిస్తే చదివినవాడికే జవాబు వస్తుంది. ఆ బడిలో అది మంచి ప్రశ్న, మా బడిలో దండగ. ఎంత చక్కటి కీ రాసినా చెడ్డ ప్రశ్నను అది బాగుచేయదు.

ఇక దిద్దే తీరు. కాగితం తర్వాత కాగితం కాకుండా ప్రశ్న తర్వాత ప్రశ్న దిద్దాలి. అందరి మొదటి జవాబులూ అయ్యాకే రెండోదానికి వెళ్లాలి. లేకపోతే మొదటి జవాబు బాగున్న పిల్లకు నాలుగో జవాబులోనూ వెలుగు కనిపిస్తుంది. పేరు ఉన్న అంచును మడిచి పెట్టాలి. కట్టలోంచి పది కాగితాలకు నా మార్కులు కనిపించకుండా చేసి ఇంకొకరితో దిద్దించాలి. మా లెక్కల మేడం దిద్దితే పదింట్లో ఎనిమిది కలిశాయి. కలవని రెండింటికీ సగటు కట్టలేదు. ఏ వాక్యం దగ్గర విడిపోయామో వెతికాం. రెండూ "వాన వస్తే పాడు" తరహావి. పాడయ్యేది పువ్వా, ప్రయాణమా? రాసినవాళ్లను పిలిచి అడిగితే ఒకరు పువ్వన్నారు, ఒకరు దారన్నారు. స్లిప్ టెస్టులో పిలిచి అడగవచ్చు, పదో తరగతి స్పాట్‌లో ఆ వీలు లేదు. అక్కడ కాగితం మీద ఉన్నదానికే మార్కు, అంటే ఇద్దరికీ 1.

ఈ కొలత వ్యాసాలకు, కవితలకు పనికిరాదు. మూడు వాక్యాలతో కవితను తూచబోతే బీరువాలోని ఇరవై గళ్ల పట్టిక నన్ను చూసి నవ్వుతుంది.

సీనియర్ సారు ఇదంతా విని, "ఇదంతా పిల్లల మీద నమ్మకం లేనోళ్ల పని" అన్నారు. నేనేమీ అనలేదు. ఆయన దిద్దిన కట్టలోంచి ఐదు జవాబులను మార్కులు లేకుండా మా అటెండర్‌తో తెల్లకాగితాల మీద రాయించి, రెండు వారాల తర్వాత పక్క బడివని చెప్పి ఆయన ముందు పెట్టాను. అటెండర్ దస్తూరి అధ్వానం. ముత్యాల అమ్మాయి జవాబుకు ఈసారి 1 పడింది, పక్కన "అనవసర సుత్తి" అని వ్యాఖ్య. ఒత్తు మరిచినవాడికి 1½. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూపించాను. సారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, చాలాసేపు చూశారు.

"ఆ రోజు పొద్దున టీ రాలేదు" అన్నారు.