రోస్టరు నెత్తిన 'ఈఎస్‌టీ' అని రాయు విధానం

హైదరాబాద్‌లో సపోర్ట్ టీమ్, న్యూయార్క్‌లో క్లయింట్, లండన్‌లో ఓ మేనేజరు. షిఫ్టులన్నీ న్యూయార్క్ టైములోనే అని ఒప్పందం. ఇంత సవ్యమైన ఏర్పాటును చెడగొట్టాలంటే పెద్ద చదువులేం అక్కర్లేదు. రోస్టరు నెత్తిన 'న్యూయార్క్ టైము' బదులు 'ఈఎస్‌టీ' అని రాయండి, చాలు.

ఈఎస్‌టీ అంటే యూటీసీకి 5 గంటలు వెనక, ఏడాది పొడవునా అంతే. న్యూయార్క్ గడియారం మాత్రం మార్చి రెండో ఆదివారం ఓ గంట ముందుకు జరిగి, నవంబరు మొదటి ఆదివారం దాకా 4 గంటలే వెనక నడుస్తుంది. అప్పుడు దాని పేరు ఈడీటీ. అక్కడివాళ్లు కూడా చాలామంది వేసవిలో సైతం అలవాటుగా ఈఎస్‌టీ అనేస్తుంటారు కాబట్టి మీ తప్పును ఎవరూ పట్టుకోలేరు.

ఇక కుర్రాళ్లకు "పదిన్నర గంటలు కలుపుకోండి" అని జనవరిలో ఒక్కసారి చెప్పి ఊరుకోండి. జనవరిలో అది నిజమే. 2026 మార్చి 9, సోమవారం క్లయింట్ ఉదయం 9కి వచ్చి కూర్చుంటాడు. అప్పుడు మనకు సాయంత్రం 6.30. మనవాడు పదిన్నర కలుపుకుని 7.30కి లాగిన్ అవుతాడు. రోస్టరు ప్రకారం అతను సరిగ్గా టైముకే వచ్చాడు. ఎస్కలేషన్ మెయిల్ మాత్రం అతని పేరు మీదే వస్తుంది.

లండన్ మేనేజరును అడిగి సరిచూసుకోవడం ఇంకా మేలు. బ్రిటన్ గడియారం మారేది మార్చి ఆఖరి ఆదివారం. 2026లో ఆ మధ్య మూడు వారాలు న్యూయార్క్‌కూ లండన్‌కూ తేడా 5 కాదు, 4 గంటలు. ఆయన మాత్రం నమ్మకంగా 5 అనే చెబుతారు.

క్యాలెండర్‌లో టైమ్ జోన్ అడిగినచోట `America/New_York` జోలికి మాత్రం పోకండి. అది ఎంచుకుంటే వేసవి మార్పు దానంతటదే పడిపోయి మీ శ్రమంతా వృథా అవుతుంది. ప్రతి షిఫ్టు పక్కనా మన తేదీ, మన టైమూ వేసే దురలవాటూ వద్దు. 'శుక్రవారం రాత్రి 9' అన్న షిఫ్టు మనకు శనివారం తెల్లవారాక మొదలవుతుందని ఎవరికివారే కనుక్కోవాలి.

మిగిలింది నవంబరు. న్యూయార్క్‌లో శనివారం రాత్రి 9 నుంచి ఆదివారం ఉదయం 6 దాకా డ్యూటీ వేయండి. ఆ రాత్రి అక్కడ ఒంటిగంట నుంచి రెండు దాకా రెండుసార్లు గడుస్తుంది. మనవాడు ఆదివారం ఉదయం 6.30కి కూర్చుని సాయంత్రం 4.30కి లేస్తాడు. అంటే పది గంటలు. టైమ్‌షీట్‌లో తొమ్మిదే పడతాయి. 2026లో ఆ ఆదివారం నవంబరు 1న వస్తుంది. పదో గంట కావాలనుకునేవాళ్లు హెచ్‌ఆర్‌కు అక్టోబరులోనే మెయిల్ పెట్టుకోండి.