ఎర్తు తీసిన కారుకు ఏం గుర్తుంటుంది?

కె. కోటపాడులో ఏ కారు షెడ్డు ముందైనా ఒక పూట కూర్చుంటే ఒకే స్పానరుతో రెండు వైద్యాలు చూడొచ్చు. పొద్దున వచ్చిన కారుకు పికప్ లేదు. "ఎర్తు తీసీసి రాత్రంతా వదిలీండి బాబూ, ఈసీఎం ఫ్రెష్ అయిపోద్ది" అంటాడు మేస్త్రి. మధ్యాహ్నం వచ్చిన కారుకు బ్యాటరీ మార్చాలి. అదే మేస్త్రి, చేతిలో అదే పదో నంబరు స్పానరు. "ఇంజన్ ఆపకండి బాబూ, ఆపితే మెమోరీ ఎగిరిపోద్ది!" పొద్దున మందుగా ఇచ్చిన మతిమరుపే మధ్యాహ్నానికి రోగమైపోయింది. ఈ రెండింటిలో ఏది నిజమని అడిగే సాహసం షెడ్డు ముందు బెంచీ మీద కూర్చున్నవాళ్లెవరికీ ఉండదు.

ముందు మధ్యాహ్నం వైద్యం సంగతి. ఇంజన్ తిరుగుతుండగా బ్యాటరీ తీగలు విప్పి, కొత్తది పెట్టి బిగించడం. బండి ఆగలేదు కాబట్టి విద్య ఫలించిందని అందరూ ఒప్పుకుంటారు. అయితే ఆ కొన్ని నిమిషాలూ ఆల్టర్నేటర్ ఒంటరిగా ఉంటుంది. బ్యాటరీ పని సెల్ఫ్ కొట్టడం ఒక్కటే కాదు; ఆల్టర్నేటర్ నుంచి వచ్చే ఎగుడుదిగుళ్లను చెరువులా తనలోకి తీసుకోవడం కూడా. అది చార్జి అవుతున్న సమయంలో తీగ పీకితే, మామూలుగా పద్నాలుగు వోల్టుల దగ్గరుండే కరెంటు ఒక్క క్షణం కొన్ని పదుల వోల్టులకు ఎగురుతుంది. ఆ దెబ్బ ఈసీఎం మీద పడితే గడియారంలో టైము కాపాడబోయి గడియారం ఉన్న ఇల్లే తగలబెట్టుకున్నట్టు. పదిసార్లు ఏమీ కాలేదంటే పదకొండోసారి కాదని కాదు, అంతే.

ఇంకాస్త చదువుకున్నవాళ్ల దగ్గర మెమరీ సేవర్ అనే తాయెత్తు ఉంటుంది. సిగరెట్ లైటర్ సాకెట్లో దూర్చే పిన్ను, దాని వెనక తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ. బ్యాటరీ మారేలోపు కారు జ్ఞాపకాలను ఇది నిలబెడుతుందని నమ్మకం. లెక్క కాగితం మీద బాగానే ఉంటుంది. ఆ చిన్న బ్యాటరీలో సుమారు 500 మిల్లీ ఆంపియర్ అవర్ల శక్తి ఉంటుంది. నిద్రపోతున్న కారు తాగేది 20 నుంచి 50 మిల్లీ ఆంపియర్లు. పది నిమిషాల పనికి ఎక్కువే. చిక్కల్లా కారు నిద్రపోవాలి. ఎవరో ఒకరు తలుపు తీస్తారు, లోపలి దీపం వెలుగుతుంది. పాతకాలపు పది వాట్ల బల్బయితే దానికొక్కదానికే దాదాపు ఒక ఆంపియరు కావాలి. తొమ్మిది వోల్టుల పిల్లబ్యాటరీకి అంత భారం మోసే వెన్ను లేదు. వోల్టేజీ అక్కడికక్కడే కూలబడుతుంది. అసలు తమాషా ఇంకొకటి. మన కార్లలో చాలావాటికి తాళం తీస్తే ఆ సాకెట్టుకు కనెక్షనే ఉండదు. అంటే తాయెత్తు కట్టింది గుమ్మానికి, దెయ్యం ఉన్నది పెరట్లో.

స్టీరింగు కింద స్కానర్ పెట్టే సాకెట్ ఉంటుంది. అందులో పదహారో పిన్నుకు ఎప్పుడూ బ్యాటరీ కరెంటు ఉంటుంది. సేవర్ వాడాలనుకుంటే చిన్న పన్నెండు వోల్టుల బ్యాటరీని ఫ్యూజుతో సహా అక్కడ తగిలించాలి. కాకపోతే అప్పుడు విప్పిన పాజిటివ్ క్లాంపులో కూడా కరెంటు ఉంటుంది. అది బాడీకి తగిలిందా, ఫ్యూజు పోతుంది. దాంతో పాటు కాపాడాలనుకున్న మెమరీ కూడా. క్లాంపుకు మందపాటి గుడ్డ చుట్టడం అనే అర నిమిషం పని తాయెత్తు అమ్మేవాడు చెప్పడు.

ఇంత హడావుడీ దేనికోసం? పోయే ఆస్తి జాబితా చూస్తే నవ్వొస్తుంది. గడియారం, రేడియో స్టేషన్లు, ఒక్క నొక్కుతో పైకెళ్లే కిటికీ అద్దం, మైలేజీ సగటు. కిలోమీటర్ల మీటరు పోదు, తాళం గుర్తింపు పోదు. అవి కరెంటు లేకపోయినా నిలిచే చిప్పుల్లో ఉంటాయి. సీటు సెట్టింగు పోతుందని భయపడేవాళ్లు మరీ ముద్దొస్తారు. కోటపాడు కార్లలో నూటికి తొంభై సీట్లు కింద కమ్మీ లాగి జరిపేవే. ఆ సెట్టింగు బ్యాటరీ తీస్తే పోదు, బావమరిది నడిపితే పోతుంది.

నిజంగా ఏడిపించేది రేడియో కోడ్. చేతులు మారి వచ్చిన పాత హోండా కారు ఒకటి అనుకోండి. బ్యాటరీ మార్చి తాళం తిప్పగానే స్టీరియో మీద ENTER CODE అని పడుతుంది. కార్లలోంచి టేప్‌రికార్డర్లు పీక్కుపోయే దొంగల కాలంలో పెట్టిన తాళం ఇది. కరెంటు తెగితే దొంగతనం జరిగిందని దాని లెక్క. ఆ దొంగలు ఎప్పుడో వృత్తి మార్చేశారు; క్యాసెట్ ప్లేయర్ ఎదురిచ్చినా తీసుకోరు. తాళం మాత్రం డ్యూటీలోనే ఉండి, పట్టుబడిన ప్రతివాడూ కారు సొంతదారేనని తెలియక వాణ్నే నిలదీస్తోంది.

సొంతదారుకు మేస్త్రి ఇచ్చే సలహా "ఏదోటి కొట్టి చూడండి." కొడతాడు. పెళ్లిరోజు, ఇంటి నంబరు, ఏటీఎం పిన్ను. పది తప్పులయ్యాక స్టీరియో మూగబోతుంది. దాన్ని ఆన్‌లోనే ఒక గంట ఉంచితే తప్ప మళ్లీ మాట్లాడదు. అసలు దారి తేలిక. కొన్ని హోండాల్లో పవర్ బటన్ రెండు సెకన్లు గట్టిగా నొక్కి పట్టుకుంటే స్టీరియో తన కారునే గుర్తుపట్టి తెరుచుకుంటుంది. అది కుదరకపోతే కారుతో ఇచ్చిన చిన్న కార్డు మీద కోడ్ ఉంటుంది. కార్డు లేకపోతే స్టీరియో సీరియల్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్సీ పట్టుకుని డీలరు దగ్గరకు వెళ్లాలి. కార్డు ఎక్కడుందో బ్యాటరీ విప్పక ముందే చూసుకోవాలన్న మాట మాత్రం షెడ్డులో ఎవరి నోటా రాదు.

ఇక పొద్దున వైద్యం. రాత్రంతా ఎర్తు తీసిన కారు తెల్లారి స్టార్టయి, జంక్షన్‌లో బ్రేకు వేయగానే దగ్గి ఆగిపోతుంది. దానికీ కారణం ఉంది. త్రాటిల్ బాడీలో నెలల తరబడి మసి పేరుకుంటుంటే, ఆ ఇరుకులోంచి గాలి పీల్చడానికి రెక్క ఎంత తెరవాలో ఈసీఎం రోజురోజుకూ నేర్చుకుంది. ఎర్తు తీశాక నేర్చుకున్నది పోయింది, మసి మాత్రం పోలేదు. మళ్లీ నేర్పాలి. హోండా పద్ధతి ఇలా ఉంటుంది: ఏసీ, లైట్లు అన్నీ ఆపి, గేరు లేకుండా ఇంజన్‌ను మూడు వేల ఆర్‌పీఎం దగ్గర పట్టుకోవాలి, రేడియేటర్ ఫ్యాను తిరిగేదాకా. తర్వాత యాక్సిలరేటర్ వదిలేసి అయిదు నిమిషాలు ఊరికే తిరగనివ్వాలి. మధ్యలో ఫ్యాను తిరిగిన సమయం లెక్కలోకి రాదు. అద్దానికయితే పూర్తిగా దించి, పూర్తిగా ఎత్తి, పైన రెండు సెకన్లు స్విచ్చు పట్టుకుంటే చాలా కార్లలో సరిపోతుంది.

"రీసెట్ కొట్టాక పికప్ పెరిగింది" అనేవాడి మాటా అబద్ధం కాదు. పెట్రోలు కొలతలో ఈసీఎం చేసుకున్న సవరణలన్నీ సున్నాకు వచ్చాయి కాబట్టి రెండ్రోజులు కారు వేరేగానే నడుస్తుంది. గొట్టంలో గాలి లీకు అలాగే ఉంటే ఆ సవరణలన్నీ మళ్లీ చేసుకుంటుంది. చెక్ ఇంజన్ లైటు కూడా కొన్ని ప్రయాణాల తర్వాత తిరిగొస్తుంది. ఈలోపు కారు అమ్ముడుపోతే అది కొన్నవాడి లైటు.

మన హోండా ఆసామికి చివరికి కోడ్ దొరికింది. డాష్‌బోర్డు అరలో, పాత ఇన్సూరెన్సు కాగితాల మధ్య, యజమాని పుస్తకం అట్టకు అంటుకుని ఉంది. స్టీరియో పాడుతోంది. గడియారం మాత్రం బ్యాటరీ పెట్టిన క్షణాన్నే ఒంటిగంట అనుకుని అక్కణ్నుంచి లెక్కపెడుతోంది. దాన్ని మార్చే బటన్ ఏదో తెలియక, ఆసామి పొద్దున తొమ్మిదికి చోడవరం బయల్దేరేటప్పుడు మనసులో ఆరు గంటలు కలుపుకుంటున్నాడు.