ఎస్‌టీ ఎక్కడికీ పారిపోదు

ఫైనలియర్ ప్రాక్టికల్స్‌లో ఈసీజీ బల్ల దగ్గర కూర్చునే పరీక్షకుణ్ణి నేను. కాగితం చేతిలో పెట్టగానే పిల్లల చూపు నేరుగా ఎస్‌టీ మీద వాలుతుంది. సంకల్పం చెప్పకుండా ప్రసాదం గిన్నెలో చెయ్యి పెట్టడమే ఇది. పేరు, వయసు, ఎడమ అంచున 10 మిల్లీమీటర్ల ప్రమాణ గీత, సెకనుకు 25 మిల్లీమీటర్ల వేగం, రేటు, రిథమ్, యాక్సిస్, పీ, పీఆర్, క్యూఆర్‌ఎస్... ఇవన్నీ అయ్యాకే ఎస్‌టీ. కానీ అంత ఓపిక ఎవరికి?

ఈసారి ఒకమ్మాయికి 58 ఏళ్ల మనిషి ఈసీజీ ఇచ్చాను.

"ఇన్ఫీరియర్ వాల్ ఎంఐ సార్!" కాగితం ఇంకా నా వేళ్లు వదల్లేదు.

నిజమే. లీడ్ రెండు, మూడు, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ లేచి కూర్చుంది, ఏవీఎల్‌లో దిగింది. అయితే అది కాగితమే అరిచి చెబుతోంది, మధ్యలో డాక్టరెందుకు?

"అది ఎక్కడికీ పారిపోదు గానీ, మొదట్నుంచి రా అమ్మా. రేటెంత?"

ఆర్‌కీ ఆర్‌కీ మధ్య ఏడున్నర పెద్ద గళ్లు. 300ని ఏడున్నరతో భాగిస్తే 40. అమ్మాయి ముఖంలో మొదటి అనుమానం. రిథమ్? క్రమంగానే ఉంది. పీఆర్? ఒకచోట నాలుగు చిన్న గళ్లు, ఇంకోచోట తొమ్మిది, మరోచోట ఇంకేదో.

"వెంకెబాక్ సార్!"

"వెంకెబాక్‌లో మధ్యమధ్య ఒక బీట్ ఎగిరిపోవాలి కదా. ఇక్కడ ఆర్‌లన్నీ సమాన దూరంలో ఉన్నాయే?"

మౌనం. చిత్తుకాగితం అంచు రిథమ్ స్ట్రిప్ మీద ఆనించి, కనిపించిన పీలకు పెన్నుతో గుర్తులు పెట్టమన్నాను. నాలుగేసి పెద్ద గళ్లకొకటి, అంటే 75. గుర్తుండాల్సిన ఒకచోట పీ లేదు. చూస్తే క్యూఆర్‌ఎస్ కడుపులో దాక్కుంది. ఇంకొకటి టీ వేవ్ మీద చిన్న బొడిపెలా కూర్చుంది. పీల దారి పీలది, క్యూఆర్‌ఎస్‌ల దారి వాటిది. ఒక ఇంట్లోనే వేరు కాపురం.

"కంప్లీట్ హార్ట్ బ్లాక్," అంది, ఈసారి నెమ్మదిగా.

ఆ తర్వాత వైవా సాఫీగానే నడిచింది. చాలామందిలో గుండె కింది గోడకూ ఏవీ నోడ్‌కూ రక్తమిచ్చేది కుడి కరొనరీ ధమనే కాబట్టి, రెండు నేరాలకూ ముద్దాయి ఒక్కడే. అందుకే కుడివైపు వీ4ఆర్ కూడా తీయాలని, కుడి జఠరిక దెబ్బతిని ఉంటే నైట్రేట్లతో బీపీ కుప్పకూలవచ్చని తనే చెప్పింది. మార్కులు పడింది వీటికే. ఎస్‌టీకి వచ్చింది ఒకే ఒక్కటి.

అమ్మాయి బయటికెళ్లింది. వరండాలో గుసగుసలు వినబడ్డాయి. తర్వాతి కుర్రాడు లోపలికొచ్చి కాగితం అందుకుంటూనే, "కంప్లీట్ హార్ట్ బ్లాక్ సార్!" అన్నాడు.

అతనికి ఇచ్చింది నార్మల్ ఈసీజీ.