డెమో డేకి ముందు నాకిచ్చిన తప్పుడు సలహాలు

పంటల సలహాల యాప్‌తో వేదిక ఎక్కేముందు, తెలిసినవాళ్లు నాకు మూడు సలహాలిచ్చారు. మూడూ పాటించి, వేదిక మీద నాకిచ్చిన మూడు నిమిషాలూ పోగొట్టుకున్నాను. మీకు అలా జరగకూడదని రాస్తున్నాను.

మొదటిది, “దేశంలో 14 కోట్లకు పైగా కమతాలున్నాయని మొదలుపెట్టు” అన్నది. 2015-16 వ్యవసాయ గణన లెక్క అది, నిజమే. కానీ అది చెప్పడానికే నాకు నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లలో రెండు మిరప ఆకులు చూపించి ఉండాల్సింది. ఒకటి అంచులు పైకి లేచి పడవలా ఉంటుంది. అది పైముడత, తామర పురుగు పని. రెండోది అంచులు కిందికి వంగి, కాడ సాగి, బోర్లించిన పడవలా ఉంటుంది. అది కిందిముడత, తెల్లనల్లి పని. రైతు రెంటినీ కలిపి ‘ముడత’ అంటాడు, కొట్లో ఇచ్చిన మందు తెచ్చి కొడతాడు. తామర పురుగు మందుల్లో చాలావాటికి నల్లి చావదు. సింథటిక్ పైరిథ్రాయిడ్ కొడితే ఇంకా పెరుగుతుంది కూడా. మందు ఖర్చు పోయింది, ముడత అలాగే ఉంది. యాప్ ఎందుకో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

రెండోది, “కచ్చితత్వం 99 శాతం అని పెద్ద అక్షరాల్లో వెయ్యి” అన్నది. నన్ను అన్నిటికంటే ఎక్కువ ముంచిన సలహా ఇదే. “ఆ 99 శాతం లెక్క వేసిన ఫొటోలు ఎక్కడ తీశారు?” అని ఒక జడ్జి అడిగారు. కోసిన ఆకును ఒక్కొక్కటిగా సాదా కాగితం మీద పెట్టి తీసినవి. 2016లో వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో అలాంటి ఫొటోల మీద 99 శాతం దాటిన మోడలే, వేరే పరిస్థితుల్లో తీసిన ఫొటోలు ఇస్తే 31 శాతం దగ్గర ఆగింది. పొలంలో ఎండ, నీడ, దుమ్ము, ఒకదాని మీద ఒకటి పడ్డ ఆకులు ఉంటాయి. పైగా తెల్లనల్లి ఆకు అడుగున ఉంటుంది, భూతద్దం లేకుండా సరిగా కనబడదు. కాబట్టి పొలంలో తీసినవి వంద ఫొటోలు తీసుకుని, ఎన్నిటిలో యాప్ తప్పు చెప్పిందో మీరే ముందు చెప్పండి. అనుమానం వచ్చినప్పుడు యాప్ మందు పేరు చెప్పకుండా “ఆకు తిప్పి మళ్లీ తీయండి” అని అడగడం తెర మీద చూపించండి. నిమిషన్నర దీనికే ఇవ్వండి.

మూడోది, “రైతు నెలనెలా చందా కడతాడని చెప్పు” అన్నది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551 ఉచితం. మందుల కొట్టతను సలహాతోపాటు మందు అరువు కూడా ఇస్తాడు. వీళ్లను కాదని మీకు డబ్బు కట్టేది ఎవరో, ఎకరం మిర్చికి ఎంత మందు ఖర్చు తగ్గితే కడతారో చివరి అరనిమిషంలో చెప్పాలి. ఆ లెక్క నా దగ్గర లేదు. ఇప్పుడు ఈ సీజన్‌లో పదిమంది రైతుల దగ్గర మందు బిల్లులు అడిగి రాసుకుంటున్నాను.